చీర మారాలి, మనిషి మారకూడదు

ఒక ఫోటో ఊహించుకుందాం. ఇంటి గుమ్మం ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఒంటి మీద నీలం చుడీదార్. గడ్డం పక్కన చిన్న పుట్టుమచ్చ, ముక్కుకు ఒంటిరాయి ముక్కుపుడక. వెనక పాత చెక్క తలుపు. కింద పసుపు రాసిన గడప, దాని మీద వరసగా తొమ్మిది కుంకుమ బొట్లు. బాబాయి కూతురి పెళ్లికి ఏ చీర బాగుంటుందో చూద్దామని తమ్ముడు ఆ ఫోటోను కృత్రిమ మేధతో బొమ్మలు మార్చే టూల్‌కు ఇచ్చాడు. "చుడీదార్ తీసేసి ఆకుపచ్చ మంగళగిరి చీర కట్టు" అన్నాడు. చీర బాగా వచ్చింది. "జాకెట్టు చేతులు మోచేతి దాకా ఉండాలి" అన్నాడు. అదీ వచ్చింది. "అంచు ఇంకాస్త సన్నగా" అన్నాడు, ఆ తర్వాత "కొంగు మీద జరీ గీతలు పెట్టు" అన్నాడు. నాలుగు మాటలూ ఆ టూల్ బుద్ధిగా విన్నది. చివరి బొమ్మ తెచ్చి అమ్మకు చూపిస్తే ఆవిడ ఒక్క క్షణం చూసి, "ఎవర్రా ఈ పిల్ల? అక్కలాగే ఉందే!" అంది.

పుట్టుమచ్చ లేదు. దవడ కాస్త సన్నబడింది, కళ్లు కాస్త పెద్దవయ్యాయి, చామనఛాయ ఒక మెట్టు తేలిక పడింది. గడప మీద బొట్లు తొమ్మిదికి బదులు ఏడున్నాయి. ఈ మార్పుల్లో ఒక్కటి కూడా తమ్ముడు అడగలేదు. ఏ ఒక్క రౌండులోనూ అతని కంట పడలేదు కూడా. 2025 సెప్టెంబర్‌లో గూగుల్ వారి జెమిని టూల్‌తో పాత సినిమాల తరహా చీరల్లో తమ ఫోటోలు చేయించుకోవడం మన దేశమంతా ఒక వేలంవెర్రి అయింది. అప్పుడు ఇలాంటి "నాలాగే ఉన్న ఎవరో" ఎందరికో ఎదురై ఉంటారు. ఒక్కసారి మార్పించి ఊరుకుంటే పెద్ద తేడా తెలియదు. మార్పు మీద మార్పు అడుగుతూ పోయినప్పుడే అసలు చిక్కు.

దీనికి కారణం పట్టుకోవాలంటే ఆ టూల్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. చేత్తో ఫోటోలు దిద్దేవాళ్లు జాకెట్టు చేతుల దగ్గర దిద్దితే మిగతా ఫోటో జోలికి పోరు. ఈ టూల్స్ అలా పనిచేయవు. "చేతులు పొడుగు చెయ్యి" అన్నా, "అంచు సన్నం చెయ్యి" అన్నా మొత్తం బొమ్మను మొదటి నుంచీ మళ్లీ గీస్తాయి. పాత ఫోటోను చూస్తూ గీస్తాయి కాబట్టి చాలావరకు అలాగే వస్తుంది. కానీ ముఖమూ తలుపూ గడపా అన్నీ కొత్తగా గీసినవే. మారని చోటు అంటూ ఆ బొమ్మలో ఏదీ ఉండదు. మారినట్టు కనిపించని చోట్లు ఉంటాయి, అంతే.

పైగా అది చూసే పాత ఫోటో కూడా పూర్తి ఫోటో కాదు. 2022లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్‌ను తీసుకుంటే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. పొడవూ వెడల్పూ 512 పిక్సెళ్లు ఉన్న ఫోటోలో ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడేసి అంకెలు. మొత్తం 7,86,432 అంకెలు. ఇన్నిటితో పని చేయడం భారం కాబట్టి ఎన్‌కోడర్ అనే భాగం ముందుగా ఫోటోను కుదిస్తుంది. ఎనిమిది పిక్సెళ్ల పొడవు, ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు ఉన్న ఒక్కో గడికి నాలుగే అంకెలు మిగులుతాయి. మొత్తం 16,384. అంటే నలభై ఎనిమిదో వంతు. గీయడమంతా ఈ కుదించిన రూపంలోనే జరుగుతుంది. చివర్లో డీకోడర్ దాన్ని తిరిగి పిక్సెళ్లుగా విప్పుతుంది. తర్వాత వచ్చిన ఫ్లక్స్ వంటి మోడళ్లలో గడికి నాలుగుకు బదులు పదహారు అంకెలు దాచుకుంటారు. అందుకే వాటిలో ముఖం ఇంకొంచెం నిలుస్తుంది. అయినా కుదింపు కుదింపే.

ఇప్పుడు మన అమ్మాయి ఫోటోకు రండి. చీర మొత్తం కనిపించాలి కాబట్టి తల నుంచి పాదాల దాకా తీసిన ఫోటో అది. ఫోన్‌లో తీసినప్పుడు ఎంత పెద్దదైనా, చాలా టూల్స్ దాన్ని తమకు వీలైన సైజుకు తగ్గించుకుంటాయి. 1024 వెడల్పు, 1536 పొడవు అనుకుందాం. అందులో మనిషి ఎత్తు దాదాపు 1300 పిక్సెళ్లు. మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలంత ఉంటుంది కాబట్టి తల 170 పిక్సెళ్లు, దాని వెడల్పు 120 దాకా. ఒక కన్ను వెడల్పు తల వెడల్పులో అయిదో వంతు, అంటే 24 పిక్సెళ్లు. ఎనిమిది పిక్సెళ్లకు ఒక గడి చొప్పున, ఆ కన్ను మొత్తం అడ్డంగా మూడు గడుల్లో ఇమిడిపోతుంది. నిలువున ఒకటో రెండో. కనురెప్ప వంపు, కంటి కొస, కాటుక గీత, చూపు ఎటుందో అన్నీ ఆ నాలుగైదు గడులే మోయాలి. పుట్టుమచ్చ వెడల్పు మూడు పిక్సెళ్లు ఉంటే అది ఒక గడిలో సగం కూడా నిండదు. చీర మాత్రం వేల గడుల్లో పరుచుకుని ఉంటుంది. అందుకే చీర అంత బాగా వస్తుంది, ముఖం అంత సులువుగా జారిపోతుంది. బట్టలు బాగా కనపడాలని దూరం నుంచి తీసిన ఫోటోయే ముఖానికి గండం.

ఇక రౌండు మీద రౌండు సంగతి. మొదటి మార్పు అయ్యాక వచ్చిన బొమ్మే రెండో మార్పుకు ముడిసరుకు. రెండోది మూడోదానికి. నాలుగో రౌండు గీసేటప్పటికి ఆ టూల్ పనిచేస్తున్నది అసలు అమ్మాయి మీద కాదు, మూడుసార్లు తిరగగీసిన అమ్మాయి మీద. జిరాక్స్‌కు జిరాక్స్ తీసినట్టు అని చాలామంది చెబుతారు. ఆ పోలిక సగమే సరిపోతుంది. జిరాక్స్ మీద జిరాక్స్ తీస్తే అక్షరాలు మసకబారతాయి, పాడైందని చూడగానే తెలుస్తుంది. ఇక్కడ మసక ఉండదు. పోయినదాని స్థానంలో మోడల్ తనకు తెలిసిన వేరే వివరాన్ని, అంతే స్పష్టంగా, నింపేస్తుంది. పుట్టుమచ్చ ఉన్న చోట శుభ్రమైన చర్మం వస్తుంది, చెక్కడం అరిగిన తలుపు మీద కొత్త చెక్కడం వస్తుంది. నాలుగో బొమ్మ కూడా మొదటి ఫోటో అంత నిగనిగలాడుతూ ఉంటుంది. నష్టం జరిగిందని చెప్పే గుర్తు బొమ్మలో ఎక్కడా మిగలదు. దీన్ని నేను ఈ విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన సంగతిగా చూస్తాను.

ఈ జారుడులో రెండు రకాలు కలిసి ఉంటాయి. ఒకటి దిశ లేనిది. ఒక రౌండులో కన్ను పిసరంత పెద్దదవుతుంది, మరో రౌండులో పిసరంత చిన్నదవుతుంది. ఇవి ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుంటాయి కాబట్టి నాలుగు రౌండ్లకు మొత్తం తేడా నాలుగింతలు కాదు, సగటున రెండింతలే అవుతుంది. రెండోది ఒకే దిశలో లాగేది. మోడల్ చూసి నేర్చుకున్న ముఖాల్లో మెరుగులు దిద్దినవి చాలా ఉంటాయి. కాబట్టి సందేహం వచ్చిన ప్రతిచోటా అది నునుపైన చర్మం వైపు, రెండు పక్కలా సమంగా ఉన్న ముఖం వైపు, తరచుగా తేలిక రంగు వైపు మొగ్గుతుంది. ఇక్కడ రద్దవడమంటూ ఉండదు. నాలుగు రౌండ్లకు నాలుగింతలు పేరుకుంటుంది. అమ్మ కంటికి ఆనింది ఈ రెండో రకమే. ముఖం ఎటో ఒకటు పోలేదు, "అందరి ముఖం" వైపు పోయింది.

"ముఖం మార్చవద్దు, బ్యాక్‌గ్రౌండ్ మార్చవద్దు" అని ప్రతిసారీ రాస్తే సరిపోదా? కొంత పనిచేస్తుంది, రాయడం మంచిదే. కానీ ఆ మాట తాళం కాదు. మాటతో బొమ్మను దిద్దే పద్ధతికి దారి వేసిన ఇన్‌స్ట్రక్ట్‌పిక్స్2పిక్స్ అనే మోడల్‌ను 2022 చివర్లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు వెలువరించారు. దానికి పాఠంగా నాలుగున్నర లక్షలకు పైగా జతలు చూపించారు. ఒక్కో జతలో మార్పుకు ముందటి బొమ్మ, ఒక ఆజ్ఞ, మార్పు తర్వాతి బొమ్మ. ఆ జతలు కెమెరాతో తీసినవి కావు. ఆజ్ఞల్ని ఒక భాషా మోడల్ రాసింది, బొమ్మల్ని స్టేబుల్ డిఫ్యూజన్ గీసింది. రెండు బొమ్మల్లోనూ మనిషి దాదాపు ఒకటే, కానీ చర్మం మీది రంధ్రాల దాకా ఒకటే కాదు. పాఠంలోనే ఆ "దాదాపు" ఉన్నప్పుడు నేర్చుకున్నదానిలో అది లేకుండా ఎలా పోతుంది? ఆ మోడల్‌లో రెండు మీటలు ఉంటాయి. ఒకటి ఆజ్ఞకు ఎంత కట్టుబడాలో, రెండోది పాత బొమ్మకు ఎంత కట్టుబడాలో చెబుతుంది. రెండోది పెంచితే ముఖం నిలుస్తుంది, కానీ చీర మారడానికి మొరాయిస్తుంది. మొదటిది పెంచితే చీర చక్కగా వస్తుంది, ముఖం పోతుంది. బొమ్మ మొత్తానికి ఒకే మీట కాబట్టి "ముఖానికి ఇంత, చీరకు అంత" అని విడదీసి చెప్పే వీలు అందులో లేదు.

తర్వాతి మోడళ్లు ఇందులో చాలా ముందుకు వెళ్లాయి. 2025 మేలో బ్లాక్ ఫారెస్ట్ ల్యాబ్స్ విడుదల చేసిన ఫ్లక్స్ కాంటెక్స్ట్ వరసగా మార్పులు చేసినా మనిషి నిలవాలన్నదే ప్రధాన లక్ష్యంగా తయారైంది. రౌండు రౌండుకూ ముఖపు పోలిక ఎంత తగ్గుతుందో దాని రూపకర్తలు కొలిచి చూపించారు. అదే పత్రంలో తమ మోడల్ విఫలమైన ఉదాహరణ కూడా ఇచ్చారు. వరసగా ఆరు మార్పుల తర్వాత బొమ్మ కంటికి తెలిసేంతగా చెడిపోయింది. అంటే జారుడు నెమ్మదించింది, ఆగలేదు.

కాబట్టి మాటల్లో గట్టిగా చెప్పడం కన్నా పనిని మరోలా అమర్చుకోవడం మేలు. మొదటి అమర్పు చాలా తేలిక, ఏ టూల్‌లోనైనా కుదురుతుంది. ప్రతి రౌండుకూ వెనక్కి, అసలు ఫోటో దగ్గరికి వెళ్లడమే అది. రెండో బొమ్మ మీద మూడో మార్పు అడగకుండా, అసలు ఫోటోనే మళ్లీ ఇచ్చి అప్పటిదాకా తేలిన కోరికలన్నీ ఒకేసారి చెప్పాలి. మన ఉదాహరణలో నాలుగో రౌండు ఆజ్ఞ ఇలా ఉంటుంది: "చుడీదార్ బదులు ఆకుపచ్చ మంగళగిరి చీర, సన్నని జరీ అంచు, కొంగు మీద అడ్డంగా జరీ గీతలు, మోచేతి దాకా చేతులున్న జాకెట్టు. నిలబడిన తీరు, ముఖం, జడ, తలుపు, గడప ఫోటోలో ఉన్నట్టే." ఇలా అయితే నాలుగో బొమ్మలో ముఖం ఒక్కసారే తిరగగీసినది అవుతుంది. పదో రౌండులోనైనా ఒక్కసారే. సంభాషణలా సాగే టూల్స్‌లో పాత బొమ్మలు టూల్ కళ్ల ముందే ఉంటాయి కాబట్టి, కొత్త సంభాషణ తెరిచి అసలు ఫోటోతో మొదలుపెట్టడం ఇంకా శుభ్రం.

దీనికి చెల్లించాల్సిన ధర ఒకటుంది. ముఖం నిలిచింది గానీ, ఈసారి చీర నిలవదు. రెండో రౌండులో నచ్చిన ఆ ఆకుపచ్చ, ఆ కుచ్చిళ్ల మడత మూడో రౌండులో సరిగ్గా అలాగే రావు. అదే ఆజ్ఞకు మోడల్ ప్రతిసారీ వేరే చీర గీస్తుంది. సీడ్ అనే అంకెను మన చేతికిచ్చే టూల్స్‌లో దాన్ని మార్చకుండా ఉంచితే ఈ ఊగిసలాట తగ్గుతుంది. కానీ ఆజ్ఞలో రెండు మాటలు మారినా మడతలు కదులుతాయి. ఒకటికి మించి ఫోటోలు తీసుకునే టూల్స్‌లో మరో దారి ఉంది. నచ్చిన బొమ్మలోంచి చీర వరకే కత్తిరించి, ముఖం కనపడకుండా, రెండో ఫోటోగా ఇవ్వాలి. మనిషి మొదటి ఫోటోలోంచి, బట్ట రెండో ఫోటోలోంచి అని స్పష్టంగా చెప్పాలి. ముఖంతో పాటు ఇస్తే రెండు ముఖాలూ కలిసిన మూడో ముఖం వచ్చే అవకాశం ఉంది.

నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది రెండో అమర్పు మీద. చీర మాత్రం రౌండు నుంచి రౌండుకు నడవనివ్వాలి, ముఖాన్నీ గుమ్మాన్నీ మాత్రం ప్రతి రౌండు చివరా అసలు ఫోటోలోంచి తెచ్చి అతికించాలి. దీనికి మాస్క్ కావాలి. మాస్క్ అంటే ఫోటో సైజులోనే ఉండే ఒక నలుపు తెలుపు బొమ్మ. తెల్లగా ఉన్న చోట మార్పును రానిస్తాం, నల్లగా ఉన్న చోట అసలు పిక్సెళ్లే ఉంటాయి.

ఇక్కడ ఒక అపోహ పోవాలి. చాలా టూల్స్‌లో బ్రష్‌తో చీర మీద పూసి "ఇక్కడే మార్చు" అనే సదుపాయం ఉంటుంది. పూసిన చోటు బయట అంతా భద్రమే అనుకుంటాం. కానీ చివర అసలు పిక్సెళ్లను తిరిగి అతికించే ఏర్పాటు ఆ టూల్‌లో లేకపోతే, బయటి భాగం కూడా ఎన్‌కోడర్ గుండా వెళ్లి డీకోడర్ గుండా బయటికి వస్తుంది. మోడల్ దాన్ని తాకకపోయినా ఆ కుదింపు తాకుతుంది. రౌండుకు ఒకసారి చొప్పున ముఖం అలా నలిగి వస్తుంది. కాబట్టి అతికింపు మన చేతుల్లో ఉంచుకోవడమే మంచిది. ఫోటోషాప్‌లోనో, ఉచితంగా దొరికే జింప్‌లోనో అసలు ఫోటోను కింది లేయర్‌గా, కొత్త బొమ్మను పై లేయర్‌గా పెట్టి పై లేయర్‌కు ఈ మాస్క్ తగిలిస్తే పని అయిపోతుంది. పైథాన్ తెలిసినవాళ్లకు నాలుగైదు వరసలు చాలు:

```python
from PIL import Image
original = Image.open("original.png").convert("RGB")
edited = Image.open("round2.png").convert("RGB").resize(original.size)
mask = Image.open("mask.png").convert("L")
Image.composite(edited, original, mask).save("round2_fixed.png")
```

మూడో రౌండుకు ఇవ్వాల్సింది `round2.png` కాదు, `round2_fixed.png`. ఈ పద్ధతికి ప్రాణం ఈ ఒక్క చిన్న అలవాటే. టూల్ ఇచ్చిన బొమ్మ ఎప్పుడూ నేరుగా తిరిగి టూల్‌లోకి వెళ్లకూడదు. అలా చూసుకుంటే ముఖం ఎన్ని రౌండ్లయినా అసలు కెమెరా తీసిన ముఖమే.

మాస్క్ గీయడంలోనే నేర్పంతా ఉంది. మన ఉదాహరణలో పై అంచు ఎక్కడ ఆగాలి? దవడ గీత దగ్గర ఆపితే అతుకు స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే దవడ కింద నీడ ఉంటుంది, కొత్త బొమ్మలో ఆ నీడ వేరేలా పడి ఉంటుంది. మెడ మధ్యలో, కంఠం కింద చర్మం చదునుగా ఉన్న చోట ఆపి, అంచును పది పదిహేను పిక్సెళ్ల మేర మెత్తగా కరిగిస్తే కంటికి దొరకదు. భుజం మీద పడిన జడ ఇంకో చిక్కు. జడ పాయలు జాకెట్టు మీద ఉంటే, వాటి చుట్టూ కత్తిరించడం కన్నా, జడ వెనక్కి వేసుకున్న ఫోటో తీసుకోవడం మంచిది. అడుగు భాగంలో మాస్క్ బట్ట దగ్గర ఆగకూడదు. చుడీదార్ కాళ్లకు అంటుకుని ఉంటుంది, చీర కుచ్చిళ్లు విచ్చుకుని ఉంటాయి. కాబట్టి పాత బట్ట ఉన్నంత మేరా, కొత్త బట్ట రాబోయేంత మేరా కలిపి తెల్లగా పూయాలి. నేల మీద నీడ పడే చోటును కూడా చేర్చాలి. లేకపోతే చీర కట్టిన అమ్మాయి కాళ్ల దగ్గర చుడీదార్ నీడ మిగిలిపోతుంది. ఎక్కడో ఏదో తేడాగా ఉందని చూసినవాళ్లకు అనిపిస్తుంది గానీ అది నీడ అని వెంటనే తట్టదు.

కుచ్చిళ్లు గడప మీదికి వస్తే గడపలో కొంత భాగం మాస్క్ లోపలికి పడుతుంది, అక్కడి బొట్లు మోడల్ దయ మీద ఆధారపడతాయి. దీనికి వరస ముఖ్యం. బట్ట ఆకారాన్ని మార్చే కోరికలు ముందు తేల్చుకోవాలి: చుడీదారా చీరా, కొంగు ఎటు, కుచ్చిళ్లు ఎంత వెడల్పు. ఆ రౌండు అయ్యాక చీర అంచు గీత ఎక్కడుందో తెలుస్తుంది. అప్పుడు మాస్క్‌ను ఆ గీత దాకా బిగించి, బయట పడిన గడప ముక్కను అసలు ఫోటోలోంచి తిరిగి తెచ్చుకోవచ్చు. అంచు సన్నం చేయడం, జరీ గీతలు వంటివి ఆ తర్వాత. మాస్క్ రౌండు రౌండుకూ చిన్నదవుతూ పోవాలి. చేతుల పొడుగు ఒక్కటే మార్చాల్సి వస్తే, మెడ కింది నుంచి నడుము దాకా ఉన్న ముక్కను కత్తిరించి అదొక్కటే టూల్‌కు ఇచ్చి, మార్చి, తిరిగి అదే చోట పెట్టవచ్చు. ముఖం ఇవ్వనేలేదు కాబట్టి మార్చే ప్రసక్తే లేదు. పైగా ఆ ముక్క పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి అల్లిక కూడా బాగా వస్తుంది.

చీర తీసి సన్నని ప్యాంటు తొడగాలంటే కథ తిరగబడుతుంది. చీర దాచిన తలుపు భాగం ఇప్పుడు బయటపడుతుంది, దాని అసలు పిక్సెళ్లు ఏ ఫోటోలోనూ లేవు. మోడల్ ఊహించి గీయక తప్పదు. అలాంటప్పుడు ఊహ ఒక్కసారే జరగాలి. బాగా వచ్చిన రౌండులోని ఆ తలుపు ముక్కను అసలు ఫోటోలో అతికించి, ఇకపై దాన్నే అసలుగా పెట్టుకోవాలి. మనిషి లేకుండా అదే గుమ్మాన్ని ఒక ఫోటో తీసి ఉంచుకుంటే ఈ ఇబ్బందే రాదు.

జారుడు జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? చాలామంది చేసే పని కొత్త బొమ్మను ముందు రౌండు బొమ్మతో పోల్చడం. అందులో జారుడు ఎప్పుడూ బయటపడదు, ప్రతి అడుగూ చిన్నదే కాబట్టి. పోలిక ఎప్పుడూ మొదటి ఫోటోతోనే. రెండిటినీ లేయర్లుగా ఒకదాని మీద ఒకటి పెట్టి, పై లేయర్ మోడ్‌ను Difference చేస్తే రెండూ ఒకేలా ఉన్న చోటు నల్లగా, తేడా ఉన్న చోటు వెలుగుగా కనిపిస్తుంది. చీర వెలగాలి, మిగతాది చీకటిగా ఉండాలి. తలుపు గీతలు, ముఖపు అంచు అన్నీ సన్నని తీగల్లా వెలిగితే బొమ్మ మొత్తం ఒకటి రెండు పిక్సెళ్లు పక్కకు జరిగిందని అర్థం. ఇది చాలా తరచుగా జరుగుతుంది, ఎందుకంటే కొన్ని టూల్స్ ఫోటో కొలతల్ని తమకు అనువుగా సవరించుకుంటాయి. అతికించే ముందు దీన్ని సరిచేయకపోతే మెడ దగ్గర మెట్టు వస్తుంది. ముఖం నిండా బూడిద రంగు పొగలా కనిపిస్తే రంగు మారిందని. కళ్లు, పెదవుల చివర మాత్రమే వెలిగితే ఆకారం మారిందని. పై లేయర్‌ను చకచకా ఆర్పి వెలిగించినా సరే, కదిలిన చోటును కన్ను ఇట్టే పట్టేస్తుంది.

బ్యాక్‌గ్రౌండ్‌కు లెక్కపెట్టగలిగే వస్తువులు గొప్ప సాక్షులు. మోడళ్లకు తలుపులు బాగా తెలుసు, గడపలు తెలుసు, తొమ్మిది తెలియదు. కుంకుమ బొట్లు, కిటికీ ఊచలు, మెట్లు, తోరణంలో మామిడాకులు లెక్కపెడితే ముఖం కన్నా ముందే బ్యాక్‌గ్రౌండ్ నిజం చెప్పేస్తుంది.

ముఖానికి యంత్రపు కొలత కూడా ఉంది. ఆర్క్‌ఫేస్ వంటి ముఖ గుర్తింపు మోడళ్లు ఒక ముఖాన్ని 512 అంకెల వరసగా మారుస్తాయి. రెండు ముఖాల వరసలు ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కగడితే పోలిక ఎంతో తెలుస్తుంది. రౌండు రౌండుకూ ఆ అంకె పడిపోవడం గమనిస్తే జారుడు మొదలైన చోటు దొరుకుతుంది. కానీ ఆ మోడళ్లు తయారైంది గడ్డం పెరిగినా, కళ్లద్దాలు పెట్టినా, వెలుతురు మారినా ఇద్దరూ ఒకరే అని చెప్పడానికి. చిన్న తేడాల్ని పట్టించుకోకపోవడమే వాటి పని. పుట్టుమచ్చ పోయినా, ఛాయ మారినా "ఒకే మనిషి" అనే అంటాయి.

అందుకే అమ్మ మాట ఆ అంకె కన్నా విలువైనది. 1999లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో మైక్ బర్టన్, విక్కీ బ్రూస్, వారి సహచరులు ఒక ప్రయోగం చేశారు. నాణ్యత బాగా తక్కువగా ఉన్న నిఘా కెమెరా వీడియోలు చూపిస్తే, తమకు పాఠం చెప్పే అధ్యాపకుల్ని విద్యార్థులు ఇట్టే గుర్తుపట్టారు. ఆ అధ్యాపకులతో పరిచయం లేనివాళ్లు అవే వీడియోలు చూసి తెగ తడబడ్డారు. అలా తడబడినవాళ్లలో గుర్తుపట్టడమే వృత్తిగా ఉన్న పోలీసు అధికారులు కూడా ఉన్నారు. తెలిసిన ముఖాన్నీ తెలియని ముఖాన్నీ మనం చూసే తీరే వేరు. కస్టమర్ ఫోటో మీద జాకెట్టు డిజైన్లు మార్చి చూపే టైలర్‌కు ఆ ముఖం పరాయిది, అది జారినా ఆమెకు తెలియదు. చూపించాల్సింది ఆ కస్టమర్ ఇంట్లోవాళ్లకు. అదీ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి కాదు, కొత్తది ఒక్కటే చూపించి, ఎవరని అడగాలి.

ఇంత చేసినా అతికింపు పనికిరాని సందర్భాలున్నాయి. కొంగు తల మీదికి కప్పమంటే ముఖం మీద కొత్త నీడ పడాలి. అసలు ముఖాన్ని తెచ్చి పెడితే నీడ లేని ముఖం గుడ్డ కింద వెలుగుతూ కనిపిస్తుంది. ఎండలో ఎర్రని పట్టుచీర కడితే ఆ ఎరుపు గడ్డం కిందికీ మెడకూ కొంచెం పాకుతుంది. నీలం చుడీదార్‌లో తీసిన ముఖానికి ఆ ఎరుపు ఉండదు. రంగు వరకైతే ఒక మార్గం ఉంది: గడ్డం కింది భాగం మీద కొత్త లేయర్ వేసి, చీర రంగును చాలా పలుచగా, పదో వంతుకు మించకుండా పూస్తే ముఖం ఆకారం చెక్కుచెదరకుండా వెలుతురు కుదురుతుంది. తల తిప్పమన్నా, చెయ్యి నడుము మీద పెట్టమన్నా మాత్రం పాత పిక్సెళ్లు ఎక్కడా సరిపోవు. అలాంటి కోరిక ఉంటే దాన్ని బట్టల కోరికల మధ్యలో ఇరికించకుండా, అమ్మాయిని ఆ భంగిమలోనే గుమ్మం ముందు మళ్లీ నిలబెట్టి ఇంకో ఫోటో తీసి, చీర పని దాని మీద మొదలుపెట్టాలి.